కప్పు ఉడికిన కందిపప్పులో ప్రొటీన్ ఎంత? వండకముందు బరువు నుంచి లెక్క కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో తెలుగు ఇళ్లల్లో రోజూ వండే పప్పును దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ ఇది. అంగడిలో ‘తొగరి బేళె’ అని అడిగి తెచ్చుకునేది మన కందిపప్పే. లెక్కకు కావలసినవి వంటింటి తూకం, పప్పు ప్యాకెట్టు, ఒక పెన్ను. తూకం లేనివాళ్లకు వేరే దారి ఉంది, అదీ కింద చెప్పాం.

అసలు లెక్క ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

కుక్కర్‌లోకి వెళ్లిన ప్రొటీన్ ఎంతో, ఉడికాక గిన్నెలో ఉన్నదీ అంతే. ఉడికేటప్పుడు పెరిగేది నీళ్ల బరువు. డికాషన్‌లో ఎన్ని నీళ్లు కలిపినా కాఫీ పొడి పెరగదు కదా, ఇదీ అలాంటిదే. కాబట్టి ముందు వండని పప్పు బరువును బట్టి మొత్తం ప్రొటీన్ తేల్చుకోవాలి. తర్వాత ఉడికిన మొత్తం పప్పులో మీ కప్పు ఎన్నో వంతో చూసి, ప్రొటీన్‌లోనూ అన్నో వంతు తీసుకోవాలి.

కప్పులో ప్రొటీన్ = (వండని పప్పు బరువు × ప్యాకెట్టు మీద 100 గ్రాములకు ఇచ్చిన ప్రొటీన్ ÷ 100) × (కప్పులోని పప్పు బరువు ÷ ఉడికిన మొత్తం పప్పు బరువు)

ఇంతకు మించి సూత్రం లేదు. తప్పులు దొర్లేది సూత్రంలో కాదు, అందులో వేసే నాలుగు అంకెల దగ్గర.

వండని కందిపప్పులో ప్రొటీన్ ఎంత అని వేసుకోవాలి?

మీరు కొన్న ప్యాకెట్టు వెనక 100 గ్రాములకు ఎంత అని రాసి ఉంటుంది, అదే వేసుకోండి. సాధారణంగా అది 21 నుంచి 24 గ్రాముల మధ్య ఉంటుంది. సంచిలోంచి తూచి ఇచ్చే విడి పప్పు కొంటే 22 వేసుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలో కందిపప్పుకు 21.7 గ్రాములని ఉంది, కనుక 22 అన్నది ఊహించి పెట్టిన అంకె కాదు.

ఒక జాగ్రత్త. కొన్ని ప్యాకెట్ల మీద ‘ఒక వడ్డనకు’ అని ఇంకో గడి ఉంటుంది. ఆ వడ్డన 30 గ్రాములనో 35 గ్రాములనో పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది వండని పప్పు బరువే, ఉడికిన పప్పుది కాదు. ఆ గడి జోలికి పోకుండా 100 గ్రాముల గడినే చూడండి.

కలబురగి కందిపప్పు వేరుగా వేసుకోవాలా, నూనె పట్టించిన పప్పు వేరా అని అడుగుతుంటారు. రకాన్ని బట్టి ఒకటి రెండు గ్రాముల తేడా ఉండొచ్చు. ప్యాకెట్టు మీద అంకె ఉంటే అదే వేసుకోండి, లేకపోతే 22తోనే కానివ్వండి. ఈ తేడా కంటే చాలా పెద్ద పొరపాట్లు మిగతా చోట్ల జరుగుతాయి.

ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా చేసి చూపించండి.

నలుగురికి ముద్దపప్పు వండుతున్నాం అనుకుందాం.

కుక్కర్ లోపల పెట్టే గిన్నెను ఖాళీగా తూచాం: 340 గ్రాములు. ఈ అంకెను ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. గిన్నె తూకం మీద ఉండగానే టేర్ మీట నొక్కి సున్నా చేసి, పప్పు పోశాం: 150 గ్రాములు. రైస్ కుక్కర్‌తో వచ్చే 180 మిల్లీలీటర్ల కప్పుతో తలకొట్టుగా కొలిస్తే ఇంచుమించు ఇంతే వస్తుంది. ప్యాకెట్టు మీద 22 గ్రాములని ఉంది. 150 × 22 ÷ 100 అంటే 33 గ్రాములు. ఇప్పటి నుంచి ఈ గిన్నెలో ఏం జరిగినా ఈ 33 అనే అంకె మారదు.

కడిగి, 450 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పసుపు వేసి ఉడికించాం. మూత తీశాక పప్పుగుత్తితో ఎనిపి, ఉప్పు వేసి, తాలింపు కలిపి, పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చాం. ఇదంతా అయ్యాక గిన్నెతో సహా తూస్తే 910 గ్రాములు. గిన్నె బరువు 340 తీసేస్తే పప్పు 570 గ్రాములు.

ఇప్పుడు తినే కప్పు. 240 మిల్లీలీటర్ల కొలత కప్పును తూకం మీద పెట్టి సున్నా చేసి, పప్పుతో నింపితే 250 గ్రాములు వచ్చింది. చిక్కటి పప్పు నీళ్ల కంటే కొంచెం బరువు కనుక మిల్లీలీటర్ల కంటే గ్రాములు ఎక్కువ రావడం మామూలే.

33 × 250 ÷ 570 = 14.5 గ్రాములు. ఆ కప్పులో ఉన్న ప్రొటీన్ అది.

అదే పప్పును అన్నంలోకి వాడే చిన్న స్టీలు గిన్నెతో, అంటే సుమారు 150 మిల్లీలీటర్లు పట్టేదానితో వడ్డించుకుంటే పప్పు 156 గ్రాములు, ప్రొటీన్ 9 గ్రాములు. పప్పు ఒకటే, కుండ ఒకటే, ‘కప్పు’ అనే మాటే వేరు. ఇద్దరు చెప్పుకునే అంకెలు కలవకపోవడానికి సగం సార్లు కారణం ఇదే.

నా కప్పు ఎంత పడుతుందో ఎలా తెలుసుకోవాలి?

ఖాళీ కప్పును తూకం మీద పెట్టి సున్నా చేసి, మీరు మామూలుగా పప్పు పోసుకునే మట్టం దాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్ కప్పు 180, వంటల పుస్తకాల్లో కప్పు 240, ఇంట్లో టీ కప్పు ఇంకేదో. ఒకసారి కొలిచి గుర్తు పెట్టుకుంటే చాలు.

కప్పులో ఉడికిన పప్పు 250 గ్రాములు, 100కి 22 చొప్పున 55 గ్రాములు రావాలి కదా?

అందరికంటే ఎక్కువ మంది చేసే పొరపాటు ఇదే. 22 అనేది వండని పప్పు అంకె, 250 అనేది ఉడికిన పప్పు బరువు. ఈ రెండింటినీ కలిపి గుణించకూడదు. పైన చెప్పిన గిన్నె మొత్తంలో ఉన్నదే 33 గ్రాములైతే, అందులోంచి తీసిన ఒక కప్పులో 55 ఎక్కడ నుంచి వస్తాయి? లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇదే మంచి పరీక్ష: కప్పుకు వచ్చిన అంకెను గిన్నెలో ఉన్న కప్పుల సంఖ్యతో గుణిస్తే మొదటి మొత్తం తిరిగి రావాలి. మన ఉదాహరణలో 570 గ్రాములంటే 250 గ్రాముల కప్పులు 2.28. 14.5 × 2.28 చేస్తే 33 వస్తుంది.

ఇదే పొరపాటు ఇంకో వేషంలోనూ వస్తుంది. 240 మిల్లీలీటర్ల కప్పుకు వండని పప్పు సుమారు 200 గ్రాములు పడుతుంది, అందులో ప్రొటీన్ 44 గ్రాములు. ‘ఒక కప్పు కందిపప్పులో 44 గ్రాములు’ అని ఎక్కడైనా చదివితే అది నిజమే, కాకపోతే వండని కప్పు. ఆ కప్పును ఉడికిస్తే మూడు నాలుగు కప్పుల పప్పు అవుతుంది.

ఎప్పుడు తూచాలి? కడగకముందా, నానబెట్టాకా?

కడగకముందు, పొడిగా ఉన్నప్పుడే. కడిగిన పప్పు గింజల మధ్య నీళ్లు పట్టుకుని ఉంటాయి, ఎంత వంచినా పూర్తిగా పోవు. నానితే లోపలికి కూడా పీల్చుకుంటుంది. 150 గ్రాముల పప్పు అరగంట నానాక తూచి అదే ‘వండని బరువు’ అనుకుంటే, నీళ్లను కూడా ప్రొటీన్ కింద లెక్కేసినట్టే. అలా వచ్చిన జవాబు ఉన్నదాని కంటే చాలా ఎక్కువగా ఉంటుంది.

కడిగిన నీళ్లలో తెల్లగా పోయేది ఎక్కువగా పప్పు పొడి, పిండి. రెండు మూడు సార్లు కడిగినంత మాత్రాన ఈ లెక్క మారదు.

పోసిన నీళ్లు తెలుసు కదా, ఉడికాక మళ్లీ తూచడం ఎందుకు? 150 + 450 = 600 అనుకోవచ్చుగా?

అనుకోవచ్చు, కానీ ఆ 600 ఎప్పుడోగానీ నిజం కాదు. కుక్కర్‌లో నేరుగా వండితే ప్రతి విజిల్‌తో ఆవిరి పోతుంది. లోపల గిన్నె పెట్టి వండితే అడుగున పోసిన నీళ్లే ఎక్కువ ఆవిరవుతాయి. పైగా మూత నుంచి కారే చుక్కలు గిన్నెలో పడి, బరువు కొంచెం పెరిగే అవకాశం కూడా ఉంది. ఆ తర్వాత పొయ్యి మీద చిక్కబడేదాకా మరిగిస్తే ఎంత పోతుందో మంటనూ గిన్నె మూతి వెడల్పునూ బట్టి ఉంటుంది. ఉప్పు, తాలింపు నూనె, చింతపండు రసం బరువు పెంచుతాయి. మన ఉదాహరణలో ఈ చేర్పులు 15 గ్రాములు, ఆవిరి 45 గ్రాములు. అందుకే 600 కాకుండా 570 వచ్చింది.

పప్పును మూత లేని గిన్నెలో ఉడికించేవాళ్లకు ఈ తేడా ఇంకా పెద్దది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి, పప్పు మెత్తబడటానికి తీర ప్రాంతంలో కంటే ఎక్కువ సేపు పడుతుంది. అంతసేపు ఆవిరి పోతూనే ఉంటుంది, మధ్యలో మళ్లీ నీళ్లు పోస్తూనే ఉంటాం. ఎన్ని పోశామో ఎవరికి గుర్తుంటుంది? చివరి తూకం ఒక్కటి ఉంటే ఇవేవీ గుర్తుండక్కర్లేదు.

కాబట్టి తూచాల్సింది అన్నీ వేసి, ఇక వడ్డించడమే తరువాయి అన్నప్పుడు. ఉడికిన వెంటనే తూచి, తర్వాత పప్పుచారు కోసం రెండు గ్లాసుల నీళ్లు పోస్తే ముందు తూచినది పనికిరాదు.

వేడి గిన్నెను తూకం మీద పెడితే పాడవదా?

పాడవచ్చు. అంతకంటే ముందు అంకె ఊగుతుంది, ఒకచోట నిలబడదు. తూకం మీద చెక్క పలకో మందపాటి గుడ్డ మడతో వేసి, సున్నా చేసి, దాని మీద గిన్నె పెట్టండి. ఐదు నిమిషాలు చల్లారనిస్తే ఇంకా మంచిది. నేరుగా కుక్కర్‌లోనే వండేవాళ్లు మూత తీసి, ఖాళీ కుక్కర్ బరువును ముందే తూచి ఉంచుకోవాలి. కుక్కర్, పప్పు కలిపి తూకం హద్దు దాటకుండా చూసుకోండి. వంటింటి తూకాలు చాలావరకు 5 కిలోల దాకా తూస్తాయి, కొన్ని చిన్నవి 1 కిలోకే ఆగిపోతాయి.

కుక్కర్ పెద్దదైతే ఉడికిన పప్పును ముందే బరువు తెలిసిన ఇంకో గిన్నెలోకి వంపుకుని తూచొచ్చు. అడుగున అంటుకున్నదాన్ని గరిటెతో గీరి అందులోనే వేయండి. మాడి అంటుకుపోయి పారేసేది ఉంటే అది ఎవరూ తినలేదు కనుక లెక్కలోంచి కూడా పోవాలి, కానీ మొత్తం 33 నుంచి ఎంత తీసేయాలో కచ్చితంగా చెప్పలేం. అడుగు పట్టిన రోజు లెక్క కొంచెం ఎక్కువ చూపిస్తుందని తెలిసి ఉంటే చాలు.

ఉడికిస్తే ప్రొటీన్ కొంత నాశనం అవుతుందని విన్నాం.

వేడికి ప్రొటీన్ ఆకారం మారుతుంది, మాయం కాదు. ఆకారం మారడం మనకు లాభమే: పచ్చి పప్పులో ప్రొటీన్ అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు కొన్ని ఉంటాయి, వేడికి వాటి బలం తగ్గుతుంది.

నిజంగా పోయే దారి ఒకటుంది: పొంగు. నీళ్లు ఎక్కువై కుక్కర్ విజిల్ సందుల్లోంచి పసుపు నురగ కక్కితే, ఆ నురగలో కరిగిన ప్రొటీన్, పిండి ఉంటాయి. మూత మీద పలుచని మరకలు పడితే లెక్క చేయక్కర్లేదు. పొయ్యి చుట్టూ పప్పు నీళ్లు మడుగు కట్టిందంటే మాత్రం ఆ రోజు లెక్క నమ్మకండి. గిన్నెను సగానికి మించి నింపకుండా, నీళ్లలో ఒక చెంచా నూనె వేస్తే నురగ అణుగుతుంది.

బోరు నీళ్లలో పప్పు ఉడకట్లేదు. ప్రొటీన్ కూడా తగ్గుతుందా?

తగ్గదు. ట్యాంకరు, బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి పప్పు కణాల మధ్య ఉండే పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తాయి, అందుకే గింజ చితకదు. చింతపండు ముందే వేసినా పప్పు అలాగే మొండికేస్తుంది. గింజ గట్టిగా ఉంటే తూకంలో ఇబ్బంది లేదు గానీ, వడ్డనలో ఉంది: గింజలు అడుగుకి, నీళ్లు పైకి చేరి, ఏ గరిటెలో ఎంత పప్పు వచ్చిందో తెలియదు. కావేరి నీళ్లతోనో ఫిల్టరు నీళ్లతోనో ఉడికిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

దోసకాయ పప్పు, పాలకూర పప్పు వండితే లెక్క మారుతుందా?

పద్ధతి మారదు, జవాబు బాగా మారుతుంది. అదే 150 గ్రాముల కందిపప్పులో 300 గ్రాముల దోసకాయ, 100 గ్రాముల టమాటా వేసి, చివర్లో మొత్తం 1000 గ్రాములు వచ్చిందనుకోండి. పప్పు నుంచి వచ్చేది అదే 33. 250 గ్రాముల కప్పుకు 33 × 250 ÷ 1000 = 8.25 గ్రాములు. ముద్దపప్పులో 14.5 ఉన్న కప్పు ఇక్కడ 8కి దిగింది. దోసకాయ, టమాటాల్లో 100 గ్రాములకు ఒక గ్రాము కూడా ఉండదు, ఆ 400 గ్రాములు కలిపి మొత్తం గిన్నెకు 3 గ్రాములు చేరుస్తాయేమో. కప్పుకు ముప్పావు గ్రాము. వదిలేసినా ఫరవాలేదు.

పాలకూరలో 100 గ్రాములకు సుమారు 2 గ్రాములు ఉంటుంది. 250 గ్రాముల ఆకు వేస్తే 5 గ్రాములు, అది వదిలేసే అంకె కాదు. అలాంటప్పుడు 33కి 5 కలిపి 38 అని మొదలుపెట్టండి.

సాంబారులో?

ఇక్కడ రెండు విషయాలున్నాయి, రెండోది ముఖ్యం.

మొదటిది పలుచన. 100 గ్రాముల కందిపప్పుతో కూరగాయలన్నీ కలిపి 1600 గ్రాముల సాంబారు అయిందనుకుందాం. పప్పు ప్రొటీన్ మొత్తం 22 గ్రాములు. 240 మిల్లీలీటర్ల కప్పుకు 245 గ్రాములు పడితే 22 × 245 ÷ 1600 = 3.4 గ్రాములు. ముద్దపప్పు కప్పులో నాలుగో వంతు కంటే తక్కువ. ఇడ్లీకి కప్పుల కొద్దీ సాంబారు తాగి ‘పప్పు బాగా తిన్నాం’ అనుకునేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూడాలి.

రెండోది పేరుకోవడం. సాంబారు పది నిమిషాలు కదలకుండా ఉంటే పప్పు అడుగుకి చేరుతుంది. పై నుంచి తేరిన నీళ్లు తీసుకున్నవాళ్లకు, అడుగు నుంచి గరిటె పెట్టి తీసుకున్నవాళ్లకు ఒకే కప్పులో వచ్చే ప్రొటీన్ ఒకటి కాదు. మన సూత్రం గిన్నె అంతా ఒకే చిక్కదనంతో ఉందని నమ్మి లెక్క కడుతుంది. కాబట్టి ప్రతి వడ్డనకు ముందు గరిటెను అడుగు దాకా పోనిచ్చి తిప్పాలి. మీ కప్పు సరిగ్గా కలిసిందో లేదో తెలుసుకోవాలంటే, దాన్ని పది నిమిషాలు కదపకుండా వదిలి, అడుగున చేరిన పప్పు మందం చూడండి. గిన్నె నుంచి వేరుగా తీసిన ఇంకో కప్పులో కూడా అంతే మందం ఉంటే కలిసినట్టు.

పప్పుచారుకు, ఇక్కడి హుళికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఒబ్బట్లకు పప్పు ఉడికించి కట్టు వంచేస్తాం. అప్పుడు?

కన్నడ ఇళ్లల్లో ఒబ్బట్లకు కందిపప్పు కూడా వాడతారు, మనవాళ్లూ కొందరు ఇక్కడ అలవాటు చేసుకున్నారు. పప్పు పలుకుగా ఉడికించి, పైన తేరిన కట్టును వంచి చారు పెడతారు, గింజను పూర్ణం చేస్తారు. కట్టులోకి కొంత ప్రొటీన్ కరిగి పోతుంది, కొంత పప్పు పొడిగా కూడా వెళ్తుంది. ఎంత పోయిందో తూకంతో చెప్పలేం, ఎందుకంటే తూకానికి నీళ్లూ ప్రొటీనూ ఒకటే.

ఇలాంటి చోట విడివిడిగా లెక్క కట్టడానికి ప్రయత్నించకండి. ఇంటిల్లిపాదీ చారూ ఒబ్బట్లూ రెండూ తినేస్తే మొత్తం లెక్క సరిగ్గానే ఉంటుంది: 150 గ్రాముల పప్పుకు 33 గ్రాములు. ఒకరికి ఎంత అంటే, ఎక్కువ భాగం గింజలోనే ఉంటుందనే దాకా చెప్పగలం.

తూకం లేదు. ఏదైనా దారి ఉందా?

ఉంది, కొంతమందికి ఇదే హాయి. ఉడికిన పప్పును తూచే బదులు, మొత్తంలో మీ వంతు ఎంతో చూసుకోండి. రైస్ కుక్కర్ కప్పుతో ఒక తలకొట్టు కప్పు పప్పు వేశారు, అంటే సుమారు 150 గ్రాములు, 33 గ్రాముల ప్రొటీన్. ఉడికిన పప్పు మొత్తం ఒకే చిన్న గిన్నెతో కొలిస్తే మూడున్నర వచ్చింది. ఒక గిన్నెకు 33 ÷ 3.5, అంటే 9.4. నలుగురు సమంగా పంచుకుంటే తలకు 8 గ్రాముల పైచిలుకు.

ఈ పద్ధతిలో పెద్ద తప్పు మొదటి కొలతలో వస్తుంది. కప్పును గోపురంలా నింపితే 150 కాస్తా 170 దాటిపోతుంది. చాకు వెనక వైపుతో గీసి తలకొట్టు చేయండి. లేదా 1 కిలో ప్యాకెట్టు ఎన్ని కప్పులు వచ్చిందో ఒకసారి లెక్కపెట్టుకోండి: ఆరున్నర కప్పులు వస్తే కప్పుకు 154 గ్రాములన్నమాట. తూకం కొనకుండానే కొలత సరిచూసుకున్నట్టు అవుతుంది.

ఫోన్ యాప్‌లో ‘ఉడికిన కందిపప్పు 100 గ్రాములకు 6.8’ అని చూపిస్తోంది. మీ లెక్కలో 33 × 100 ÷ 570 = 5.8 వచ్చింది. ఏది నమ్మాలి?

రెండూ సరైనవే, రెండూ వేర్వేరు పప్పులు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ఉడికించిన కందులకు 100 గ్రాములకు 6.76 గ్రాములని ఉంది. అందులో నీరు సుమారు 68.5 శాతం. అంటే ఒక పాలు కందులు ఉడికి సుమారు మూడు పాళ్లయినట్టు. మన గిన్నెలో 150 గ్రాములు 570 అయ్యాయి, అంటే దాదాపు 3.8 రెట్లు. నీళ్లు ఎక్కువ, కాబట్టి 100 గ్రాములకు ప్రొటీన్ తక్కువ.

యాప్‌లో ఉడికిన పప్పును వెతికే బదులు, వండని కందిపప్పును వెతికి, మీ వంతుకు వచ్చే వండని బరువు వేయండి. మన ఉదాహరణలో 250 గ్రాముల కప్పుకు 150 × 250 ÷ 570 = 66 గ్రాముల వండని పప్పు. అప్పుడు మీ ఇంట్లో పప్పు చిక్కదనం ఎంతైనా యాప్‌తో గొడవ ఉండదు. స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లు B1లో వండని బరువు, B2లో ప్యాకెట్టు అంకె, B3లో ఉడికిన మొత్తం, B4లో కప్పు బరువు వేసుకుని ఇది రాస్తే సరి:

```
=B1*B2/100*B4/B3
```

ఫ్రిజ్‌లో పెట్టిన పప్పు మర్నాటికి గట్టిపడింది. ప్రొటీన్ పెరిగిందా?

మూత పెట్టి ఉంటే బరువు మారలేదు, పిండి పదార్థం నీళ్లను పట్టుకుని బిగిసింది, అంతే. నిన్నటి లెక్కే. వేడి చేసేటప్పుడు అర గ్లాసు నీళ్లు కలిపితే మాత్రం మిగిలిన పప్పు బరువు మారుతుంది. నీళ్లు కలపకముందు మిగిలింది 200 గ్రాములైతే అందులో 33 × 200 ÷ 570 = 11.6 గ్రాములు ఉంది. నీళ్లు కలిపాక 300 గ్రాములైనా మొత్తం 11.6 గ్రాములే.

ఎంత కచ్చితంగా వస్తుంది? 14.5 అని నమ్మొచ్చా?

14 లేదా 15 అని నమ్మండి, దశాంశాన్ని పట్టుకుని వేలాడకండి. ప్యాకెట్టు మీద 22 బదులు 24 ఉంటేనే జవాబు 15.8 అవుతుంది. తూకం రెండు గ్రాములు అటూ ఇటూ అయితే తేడా అర గ్రాము కూడా రాదు. కలపకుండా వడ్డించిన సాంబారులో మాత్రం జవాబు సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. శ్రద్ధ ఎక్కడ పెట్టాలో దీన్ని బట్టి తెలుస్తుంది: మంచి తూకం కొనడం కంటే బాగా కలపడం ముఖ్యం.

ఒక కప్పు రోజుకు సరిపోతుందా?

భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 240 మిల్లీలీటర్ల కప్పు ముద్దపప్పు అందులో మూడో వంతుకు కొంచెం తక్కువ ఇస్తుంది. పప్పు ప్రొటీన్‌లో లైసిన్ బాగా ఉండి మెథియోనిన్ తక్కువ. బియ్యంలో లైసిన్ తక్కువ, మెథియోనిన్ మెరుగు. పప్పన్నం కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. కిడ్నీ జబ్బు వల్ల డాక్టరు ప్రొటీన్‌కు హద్దు పెట్టినవాళ్లు ఈ 0.83ను వాడకూడదు, డాక్టరు చెప్పిన అంకెనే వాడాలి.

దర్శినిలోనో మెస్సులోనో తినే పప్పుకు లెక్క ఎలా?

వండకముందు బరువు తెలియనిదే ఈ లెక్క నడవదు. చిక్కదనాన్ని చూసి పైన వచ్చిన అంకెల్లో దగ్గరిదాన్ని తీసుకోవడమే. గరిటె వంచితే ముద్దగా జారే పప్పైతే 100 గ్రాములకు 5 నుంచి 6, కూరగాయలు సగం ఉన్న పప్పైతే 3 నుంచి 4, ఇడ్లీ మీద పోస్తే ప్లేటంతా పరుచుకునే సాంబారైతే 1 నుంచి 1.5 వేసుకోండి. మెస్సులో వంటాయనతో మాట కలిస్తే ‘ఎన్ని కిలోల పప్పుకు ఎంతమంది తింటారు’ అని అడగండి. 60 మందికి 3 కిలోలంటే తలకు 50 గ్రాముల వండని పప్పు, 11 గ్రాముల ప్రొటీన్. రెండోసారి వడ్డించుకున్నవాళ్లకు ఎక్కువ, మానేసినవాళ్లకు తక్కువ.